స్కోర్‌బోర్డు ఫోటోలో c, b, lbw, 48.2 లాంటివి ఎలా చదవాలి: విదేశాల్లో ఉన్న కొత్త అభిమానుల కోసం

ఇండియాలో మ్యాచ్ అయ్యేసరికి అమెరికాలో ఉన్నవాళ్లు నిద్రలోనో ఆఫీసులోనో ఉంటారు. ఫోన్ తెరిస్తే ఫ్యామిలీ గ్రూపులో బాబాయో బావో పెట్టిన స్కోర్‌బోర్డు ఫోటో ఒకటి కనిపిస్తుంది. దాని కింద ఎవరూ వివరం రాయరు, ఎందుకంటే ఆ గ్రూపులో మిగతా అందరికీ అది కంఠతా వచ్చు. అక్కడే పుట్టి పెరిగిన పిల్లలు, పెళ్లయి వెళ్లాక కొత్తగా క్రికెట్ చూడటం మొదలుపెట్టినవాళ్లు పదేపదే అడిగేది ఇదే: "ఒకే పేరు పక్కన c ఉంది, b ఉంది, ఇంతకీ అతను ఎలా ఔటయ్యాడు? 48.2 ఏంటి? బౌలర్ల పరుగులు కూడితే టోటల్ ఎందుకు రావట్లేదు?"

ఆట నియమాలన్నీ ఇక్కడ చెప్పబోవడం లేదు. చేతిలో ఉన్న ఫోటోను పై నుంచి కింది దాకా చదివి, సరిగ్గా చదివారో లేదో మీరే సరిచూసుకునేలా చెబుతాను. ఉదాహరణకు 2011 ఏప్రిల్ 2న ముంబై వాంఖడేలో ఇండియా, శ్రీలంక మధ్య జరిగిన ప్రపంచకప్ ఫైనల్‌నే తీసుకుంటున్నా. మనవాళ్ల గ్రూపుల్లో ఇప్పటికీ తిరిగే కార్డు అది. పైగా కొత్తవాళ్లు తడబడే చోట్లు దాదాపు అన్నీ అందులోనే ఉన్నాయి.

కావాల్సినవి

జూమ్ చేస్తే అంకెలు విడివిడిగా కనిపించే ఫోటో, ఒక కాగితం, ఫోన్‌లో కాలిక్యులేటర్. అంతే. ఫోటో పంపినవాళ్లు అందుబాటులో ఉంటే ఒక్క మాట అడగండి: "మామయ్యా, ఇది మ్యాచ్ అయిపోయాక తీసిందా, మధ్యలో తీసిందా?" ఈ జవాబు తెలిస్తే సగం గందరగోళం పోతుంది.

ఇదీ మన కార్డు, ఇండియా బ్యాటింగ్. పేర్ల తర్వాత వచ్చే రెండు అంకెల్లో మొదటిది పరుగులు, రెండోది ఆడిన బంతులు.

```
V Sehwag       lbw b Malinga             0    2
SR Tendulkar   c †Sangakkara b Malinga  18   14
G Gambhir      b Perera                 97  122
V Kohli        c & b Dilshan            35   49
MS Dhoni (c)†  not out                  91   79
Yuvraj Singh   not out                  21   24
Extras         (b 1, lb 6, w 8)         15
Total          (4 wkts, 48.2 ov)       277
```

1. ముందు టోటల్ లైన్ పట్టుకోండి

చాలామంది పై నుంచి మొదటి పేరు దగ్గర మొదలుపెట్టి అక్కడే ఆగిపోతారు. కిందికి రండి. `277`, `4 wkts`, `48.2 ov` అనే మూడు ముక్కలు కనిపిస్తాయి. 277 పరుగులు, పోయినవి 4 వికెట్లు, ఆడింది 48 ఓవర్ల 2 బంతులు.

ఆ చుక్క దశాంశ బిందువు కాదు. దీన్ని మాత్రం గట్టిగా గుర్తుపెట్టుకోండి. ఓవర్‌కు ఆరు బంతులు కాబట్టి చుక్క తర్వాత 0 నుంచి 5 వరకే ఉంటుంది, ఆరో బంతి పడగానే అది 49 అవుతుంది. ఫోటోలో 48.6 కనిపించిందా, మీరు ఏదో అంకెను తప్పుగా చదివినట్టే, బహుశా అది 48.5 కావచ్చు. బేస్‌బాల్ చూసే అలవాటున్నవాళ్లకు ఇది తొందరగా ఎక్కుతుంది, అక్కడ పిచర్ పేరు పక్కన 6.2 అంటే ఆరు ఇన్నింగ్స్, రెండు ఔట్లు కదా, అదే పద్ధతి.

ఆస్ట్రేలియాలో ఉన్నవాళ్లకు ఒక హెచ్చరిక. మనం 277/4 అని రాసేది అక్కడ 4/277 అని రాస్తారు, వికెట్లు ముందు, పరుగులు తర్వాత. మెల్‌బోర్న్ గ్రౌండ్‌లో తీసిన ఫోటో, హైదరాబాద్ గ్రౌండ్‌లో తీసిన ఫోటో పక్కపక్కన పెట్టుకుంటే కంగారు పడక్కర్లేదు. వికెట్లు పదికి మించవు కాబట్టి పది దాటిన అంకె ఎటున్నా అవి పరుగులే. ఇన్నింగ్స్ మొదట్లో రెండూ చిన్న అంకెలుగా ఉన్నప్పుడు మాత్రం ఈ ఉపాయం పనిచేయదు, అప్పుడు ఫోటో ఏ దేశంలో తీశారో చూడాల్సిందే.

2. ఇప్పుడు ఔటైన తీరు: పేరుకూ అంకెలకూ మధ్య ఉన్న లైన్

ఎక్కువమంది తప్పు చదివేది ఇక్కడే. ఒక్కో వరస తీసుకుందాం.

`b Perera`: గంభీర్ దగ్గర b ఒక్కటే ఉంది, దాని ముందు ఇంకేమీ లేదు. అంటే బౌల్డ్. పెరీరా వేసిన బంతి స్టంప్స్‌ని తాకింది.

`lbw b Malinga`: సెహ్వాగ్ ఎల్‌బీడబ్ల్యూ. స్టంప్స్‌కు తగలాల్సిన బంతికి కాళ్లు అడ్డుపడ్డాయని అంపైర్ ఔటిచ్చాడు. ఇక్కడ b ఉంది కదా అని బౌల్డ్ అనుకోకండి. ముందు ఇంకో మాట ఉంటే, ఆ తర్వాతి b "ఈ వికెట్ ఈ బౌలర్ ఖాతాలోకి వెళ్లింది" అని మాత్రమే చెబుతుంది.

`c †Sangakkara b Malinga`: సచిన్ క్యాచ్ ఔట్. c తర్వాత ఉన్న పేరు క్యాచ్ పట్టినవాడిది, b తర్వాత ఉన్నది బంతి వేసినవాడిది. పేరు ముందు ఉన్న కత్తిలాంటి † గుర్తు ఆ మనిషి వికెట్ కీపర్ అని. ఫోటో మసకగా ఉంటే ఇది ప్లస్ లాగానో, చిన్న t లాగానో కనిపిస్తుంది. tSangakkara అన్న ఇంటిపేరు ఉందేమో అనుకునేవాళ్లూ ఉన్నారు, అందుకే చెబుతున్నా.

`c & b Dilshan`: కోహ్లి కొట్టిన బంతిని, దాన్ని వేసిన దిల్షాన్ తనే పట్టేశాడు. రెండు పనులూ ఒకరివే కాబట్టి ఒక్క పేరే ఉంది.

`not out`: ఔట్ కాలేదు. కొన్ని కార్డుల్లో ఈ మాట బదులు పరుగుల పక్కన నక్షత్రం గుర్తు పెడతారు, 91* అని.

ఈ కార్డులో లేనివి, మీ ఫోటోలో తగలగలిగేవి ఇంకో మూడు. `st` అంటే స్టంపింగ్. బ్యాటర్ క్రీజు దాటి ముందుకొస్తే కీపర్ బెయిల్స్ ఎగరగొట్టాడన్నమాట, ఈ వికెట్ కూడా బౌలర్ ఖాతాలోకే వెళ్తుంది. `run out` పక్కన ఉండే పేరు ఫీల్డర్‌ది, బౌలర్‌కు ఇందులో ఏమీ దక్కదు. `c sub` అంటే క్యాచ్ పట్టింది పదకొండు మందిలోని వాడు కాదు, బదులుగా వచ్చిన ఫీల్డర్.

`(c)` గురించి విడిగా చెప్పాలి. ధోని పేరు పక్కన బ్రాకెట్లో ఉన్న c కెప్టెన్‌ని సూచిస్తుంది, క్యాచ్‌తో దానికి సంబంధం లేదు. ఎలా గుర్తుపట్టాలంటే, కెప్టెన్ c బ్యాటర్ పేరుకు అంటుకుని ఉంటుంది, క్యాచ్ c ఔటైన తీరు లైన్‌లో ముందు వస్తుంది. ఈ మ్యాచ్‌లో ఇద్దరు కెప్టెన్లూ, ధోని, సంగక్కర, వికెట్ కీపర్లే కాబట్టి రెండు జట్ల కార్డుల్లోనూ ఒకే పేరు పక్కన (c), † రెండూ కనిపిస్తాయి.

ఆ నక్షత్రం గుర్తుకీ ఇలాంటి పేచీయే ఉంది. అంకె పక్కన ఉంటే నాటౌట్. పాత తరహా కార్డుల్లో పేరు ముందు ఉంటే కెప్టెన్. మ్యాచ్ జరుగుతుండగా టీవీలో పేరు పక్కన ఉంటే ప్రస్తుతం బంతి ఎదుర్కొంటున్నవాడు.

3. అంకెల వరసలు: R, B, M, 4s, 6s, SR

R పరుగులు, B ఆడిన బంతులు, 4s ఫోర్లు, 6s సిక్సర్లు. SR స్ట్రైక్ రేట్, అంటే వంద బంతులకు ఎన్ని పరుగుల లెక్కన ఆడాడన్నది. ధోనీది 91ని 79తో భాగించి వందతో గుణిస్తే 115.189 వస్తుంది, కార్డులో చుక్క తర్వాత రెండంకెల దగ్గరే ఆపి 115.18 అని వేస్తారు. గంభీర్‌ది 79.50. సచిన్ పేరు ముందున్న SR ఆయన ఇనీషియల్స్, దీనికీ స్ట్రైక్ రేట్‌కూ సంబంధం లేదు. వరస పైన తల దగ్గర ఉన్న SR మాత్రమే స్ట్రైక్ రేట్.

M మాత్రం చోటును బట్టి మారుతుంది. బ్యాటింగ్ కార్డులో M ఉంటే క్రీజులో ఉన్న నిమిషాలు, బౌలింగ్ కార్డులో M ఉంటే మెయిడెన్లు. కాబట్టి ఫోటోలో కింద సగమే పడి, వరస తలలు కనిపిస్తూ పేర్లు కనిపించకపోతే, O ఉందో లేదో చూడండి. O, అంటే ఓవర్లు, ఉంటే అది బౌలింగ్ పట్టిక.

4. ఎక్స్‌ట్రాలు: ఇక్కడ b, w మళ్లీ వస్తాయి, అర్థం వేరు

`Extras (b 1, lb 6, w 8) 15` చూడండి. బ్యాటర్ల ఖాతాలో పడకుండా జట్టుకు వచ్చిన పరుగులు ఇవి. b అంటే బై, బ్యాట్‌కీ ఒంటికీ తగలకుండా వెళ్లిన బంతికి పరుగెత్తినవి. lb లెగ్ బై, ఒంటికి తగిలి వెళ్లినవి. w వైడ్, nb నోబాల్.

పైన b అంటే బౌల్డ్ అన్నావుగా అంటారేమో. అంకె పక్కన ఉన్న b బై, పేరు పక్కన ఉన్న b బౌలర్. అలాగే చిన్న w వైడ్, బౌలింగ్ పట్టిక తలలో పెద్ద W వికెట్లు. ఇంకోటి, ఫోటోలో `lb` తరచూ `1b` లాగా కనిపిస్తుంది. అది ఒక బై కాదు, లెగ్ బై.

ఈ నాలుగింటిలో వైడ్లు, నోబాల్స్ బౌలర్ తప్పు కాబట్టి అతని పరుగుల్లో కలుస్తాయి. బైలు, లెగ్ బైలు కలవవు. ఈ ఒక్క ముక్క గుర్తుంటే కింద చేసే సరిచూపు సాఫీగా సాగుతుంది.

5. బౌలింగ్ పట్టిక: O, M, R, W

```
            O    M   R  W
Kulasekara  8.2  0  64  0
Malinga     9    0  42  2
Perera      9    0  55  1
Randiv      9    0  43  0
Dilshan     5    0  27  1
Murali      8    0  39  0
```

వేసిన ఓవర్లు, మెయిడెన్లు, ఇచ్చిన పరుగులు, తీసిన వికెట్లు. పేపర్లలో ఇదే `9-0-42-2` అని ఒక లైన్‌లో వస్తుంది, వరస ఎప్పుడూ ఇదే. మెయిడెన్ అంటే బౌలర్ ఖాతాలో ఒక్క పరుగూ పడని ఓవర్. కులశేఖర దగ్గర 8.2 ఎందుకుందంటే మ్యాచ్ అతని ఓవర్ మధ్యలోనే ముగిసింది, ఆ రెండో బంతినే ధోని సిక్సర్ కొట్టాడు. ఇండియా లక్ష్యం 275 అయితే టోటల్ 277 ఎందుకుందని అడిగేవాళ్లకు జవాబు కూడా ఇదే, 271 దగ్గర సిక్సర్ పడింది.

Econ అన్న వరస ఉంటే అది ఓవర్‌కు ఎన్ని పరుగులిచ్చాడన్నది. దీన్ని మీరే లెక్కేస్తే జాగ్రత్త. 64ని 8.2తో భాగిస్తే 7.80 వస్తుంది, అది తప్పు. 8.2 ఓవర్లంటే 50 బంతులు, కాబట్టి 64ని 50తో భాగించి ఆరుతో గుణించాలి. 7.68 వస్తుంది, కార్డులో ఉండేది అదే.

6. వికెట్ల పతనం

కింద `FOW` అనో, ఫాల్ ఆఫ్ వికెట్స్ అనో ఉండి `1-0, 2-31, 3-114, 4-223` అని వస్తుంది. మొదటి వికెట్ 0 పరుగుల దగ్గర, రెండోది 31 దగ్గర, అలా. `1-0` చూసి ఒకటికి సున్నా, గెలిచినట్టు, అనుకుంటారు ఫుట్‌బాల్ చూసి వచ్చినవాళ్లు. ఇక్కడ అది సెహ్వాగ్ రెండో బంతికే వెనక్కి వెళ్లిన సంగతి చెబుతోంది. 31 దగ్గర సచిన్ కూడా పోయాడు. అక్కడినుంచి 114కి, 223కి మధ్య ఉన్న పెద్ద ఖాళీలే ఆ రోజు మ్యాచ్ ఇండియా వైపు తిరిగిన చోట్లు. కార్డులో నాకు బాగా నచ్చే లైన్ ఇది. ఒక్క బంతి చూడకపోయినా ఎక్కడ ఊపిరి బిగబట్టారో, ఎక్కడ తేరుకున్నారో తెలిసిపోతుంది.

7. సరిచూసుకోండి: నాలుగు కూడికలు

ఫోటో సరిగ్గా చదివామో లేదో తెలియాలంటే ఇవి చేయండి. ఐదు నిమిషాల పని.

మొదటిది, బ్యాటర్ల పరుగులు. 0+18+97+35+91+21 అంటే 262. ఎక్స్‌ట్రాలు 15 కలిపితే 277. సరిపోయింది.

రెండోది, బౌలర్ల పరుగులు. 64+42+55+43+27+39 అంటే 270. టోటల్‌కు ఏడు తక్కువ. కొత్తవాళ్లు కార్డే తప్పు అనుకునేది ఇక్కడే. బై 1, లెగ్ బై 6 కలిపితే 7, అవి బౌలర్ల ఖాతాలోకి రావని చెప్పుకున్నాం కదా. 270+7, మళ్లీ 277.

మూడోది, బంతులు. బ్యాటర్ల B వరస కూడండి: 2+14+122+49+79+24 అంటే 290. 48.2 ఓవర్లంటే 48×6+2, అదీ 290. వైడ్లు బ్యాటర్ ఆడిన బంతుల్లోకి రావు, ఓవర్ లెక్కలోకీ రావు, అందుకే ఎనిమిది వైడ్లున్నా తేడా రాలేదు. 300లోంచి 290 తీసేస్తే మిగిలిన 10 బంతులే ఫలితం లైన్‌లో "ఇంకా 10 బంతులుండగా" అని కనిపించేవి.

నాలుగోది, వికెట్లు. బౌలర్ల W వరస 2+1+1, మొత్తం 4. టోటల్ లైన్‌లోనూ నాలుగే.

ఫలితం `won by 6 wkts` అని ఎందుకుంటుందంటే, రెండోసారి బ్యాటింగ్ చేసిన జట్టు గెలిస్తే ఇంకా చేతిలో ఎన్ని వికెట్లున్నాయో రాస్తారు, పదిలో నాలుగు పోతే ఆరు. మొదట ఆడిన జట్టు గెలిస్తే ఎన్ని పరుగుల తేడాతోనో రాస్తారు.

8. ఇప్పుడు శ్రీలంక కార్డు మీరే చేయండి

లంక 50 ఓవర్లలో 274/6. బ్యాటర్ల బంతులు వరసగా 20, 49, 67, 88, 34, 5, 30, 9. కూడితే 302 వస్తుంది. 50 ఓవర్లంటే 300 కదా, రెండు ఎక్కువ ఎలా వచ్చాయి? ఎక్స్‌ట్రాల లైన్ చూడండి: `(b 1, lb 3, w 6, nb 2)`. నోబాల్ వచ్చినా బ్యాటర్ దాన్ని ఆడినట్టే లెక్క, కానీ ఓవర్ లెక్కలోకి రాదు, బౌలర్ మళ్లీ వేయాలి. ఆ రెండు నోబాల్సే ఈ రెండు బంతులు.

వికెట్లు చూడండి. జహీర్ 2, హర్భజన్ 1, యువరాజ్ 2, కలిపితే 5. టోటల్‌లో 6. ఆరోది కులశేఖర రనౌట్, పక్కన ధోని పేరు ఉంటుంది. రనౌట్ ఏ బౌలర్‌కూ దక్కదు కాబట్టి ఆ ఒక్కటి తగ్గింది. తేడా వచ్చినప్పుడల్లా కార్డులో `run out` ఎన్నిసార్లు ఉందో లెక్కపెట్టండి, సరిపోతుంది.

జహీర్ లైన్ `10-3-60-2` మీద ఒక మాట. ఓవర్‌కు ఆరు పరుగులు, మామూలు స్పెల్ అనిపిస్తుంది. కానీ M కింద 3 ఉంది. ఆ మూడు మెయిడెన్లూ మొదటి స్పెల్‌లోనివే, ఆ స్పెల్ 5-3-6-1. మిగతా ఐదు ఓవర్లలో 54 పోయాయి. అదే కార్డులో పైన తరంగ దగ్గర 20 బంతుల్లో 2, కింద పెరీరా దగ్గర 9 బంతుల్లో 22 చూస్తే రెండు చివరలా ఏం జరిగిందో అర్థమవుతుంది. కార్డు చివరి లెక్కే చెబుతుంది, ఎప్పుడేం జరిగిందో ఇలా రెండు పట్టికలు కలిపి చదివితేనే పట్టుబడుతుంది.

తెలుగు పేపర్ క్లిప్పింగ్ అయితే

ఇంటి దగ్గర నుంచి అమ్మమ్మ తాతయ్యలు పంపేది చాలాసార్లు పేపర్ ఫోటో. అందులో వరసలుండవు, అంతా ఒకే పేరాలో ఇలా నడుస్తుంది: సెహ్వాగ్ (ఎల్బీ) మలింగ 0; సచిన్ (సి) సంగక్కర (బి) మలింగ 18; గంభీర్ (బి) పెరీరా 97; కోహ్లి (సి అండ్ బి) దిల్షాన్ 35; ధోని నాటౌట్ 91. (సి), (బి) అన్నవి పైన చూసిన c, b లే. ఇద్దరు ఆటగాళ్ల మధ్య సెమికోలన్ ఉంటుంది. అది మసకబారితే ఒకరి పరుగులు పక్కవాడి పేరుకు అంటించేస్తాం, కాబట్టి పరుగులు ఎప్పుడూ బౌలర్ పేరు తర్వాత వస్తాయని గుర్తుంచుకోండి. పై లైన్‌లో 18 మలింగవి కావు, సచిన్‌వి. చివర్లో "మొత్తం (48.2 ఓవర్లలో 4 వికెట్లకు) 277" అని, ఆ తర్వాత వికెట్ల పతనం, బౌలింగ్ వస్తాయి.

మ్యాచ్ మధ్యలో టీవీ తెర ఫోటో అయితే

అందులో పేర్ల జాబితా ఉండదు, కింద ఒక పట్టీ మాత్రమే ఉంటుంది. ఇదే మ్యాచ్‌లో గంభీర్ ఔటైనప్పటి లెక్క వేద్దాం: 41.2 ఓవర్లలో 223/4, `TARGET 275`. `CRR` అంటే ఇప్పటిదాకా ఓవర్‌కు ఎన్ని చొప్పున వచ్చాయన్నది, `RRR` లేదా `REQ` ఇకపై ఎన్ని చొప్పున కావాలన్నది. 275లోంచి 223 తీస్తే 52 పరుగులు కావాలి. 41.2 అంటే 248 బంతులు అయిపోయాయి, 300లోంచి తీస్తే 52 బంతులున్నాయి. బంతికి ఒకటి, RRR సరిగ్గా 6.00. CRR 223ని 248తో భాగించి ఆరుతో గుణిస్తే 5.40. ఇక్కడ కూడా 41.2తో నేరుగా భాగించకూడదు, చుక్క సంగతి మర్చిపోవద్దు.

పట్టీలో `P1`, `P2`, `P3` కనిపిస్తే అవి పవర్‌ప్లేలు, ఫీల్డర్లను ఎక్కడ పెట్టాలన్న పరిమితులున్న ఓవర్లు. ఇప్పటి వన్డేల్లో మొదటి పది ఓవర్లు P1, ఆ తర్వాత 40 దాకా P2, చివరి పది P3.

`DLS` కనిపిస్తే వర్షం వల్ల లక్ష్యం మార్చారని అర్థం. డక్‌వర్త్-లూయిస్-స్టెర్న్ పద్ధతి అది. అప్పుడు లక్ష్యం ఎదుటి జట్టు స్కోరుకు ఒకటి కలిపితే రాదు, మీరు లెక్కేయబోకండి, తెర మీద ఉన్న TARGET నే నమ్మండి. పరుగులు, బంతులు, వికెట్ల కూడికలు మాత్రం వర్షం మ్యాచ్‌లోనూ సరిపోవాలి.

లెక్క కుదరకపోతే ఎక్కడ వెతకాలి

గ్రౌండ్‌లో పెద్ద ఎల్‌ఈడీ తెరను ఫోన్‌తో తీస్తే నల్లటి చారలు పడి అంకెల్లో గీతలు ఎగిరిపోతుంటాయి. అలాంటప్పుడు 8 కాస్తా 3గానో 6గానో 0గానో కనిపిస్తుంది. పంపినవాళ్లను ఇంకో రెండు ఫోటోలు అడగండి, లేదా అయిదు సెకన్ల వీడియో తీసి పంపమనండి. వీడియో ఆపి ఒక్కో ఫ్రేమ్ చూస్తే చార ఇంకో చోటికి జరిగి అసలు అంకె బయటపడుతుంది. టీవీ అయితే వెలుతురు ప్రతిబింబం పడకుండా కొంచెం పక్కనుంచి తీయమంటే చాలు.

మళ్లీ తీసే వీలు లేకపోతే తేడా ఎంతో చూడండి. 5 కానీ 50 కానీ తేడా వస్తే 3కీ 8కీ మధ్య పొరపాటు జరిగి ఉండొచ్చు. 6 కానీ 60 కానీ అయితే 1, 7 తారుమారై ఉండొచ్చు. ఉదాహరణకు ధోని 91ని 97గా చదివారనుకోండి, బ్యాటర్ల కూడిక, ఎక్స్‌ట్రాలు కలిపి 283 వస్తుంది, టోటల్ 277. తేడా 6. 1, 7 ఉన్న అంకెలన్నీ ఒకసారి జూమ్ చేస్తే దొరికిపోతుంది. తేడా పెద్దదైతే, ముఖ్యంగా బంతుల్లో కూడా తేడా ఉంటే, ఫోటోలో ఒక వరసే తెగిపోయి ఉంటుంది. పేర్లు లెక్కపెట్టండి. ఆడినవాళ్లు, `Did not bat` లేదా `DNB` కింద ఉన్నవాళ్లు కలిపి పదకొండు మంది రావాలి. మన కార్డులో ఆరుగురు ఆడారు, రైనా, హర్భజన్, జహీర్, మునాఫ్, శ్రీశాంత్ ఆడాల్సిన అవసరం రాలేదు, మొత్తం పదకొండు.

కూడికకు దొరకని తప్పు కూడా ఒకటుంది. గంభీర్ 97ని 91గా, ధోని 91ని 97గా రెండూ తిప్పి చదివితే మొత్తం మారదు, అంతా సరిగ్గానే ఉన్నట్టు కనిపిస్తుంది. అప్పుడు SR వరసే దిక్కు. ధోని పక్కన 115.18 ఉంది, 79 బంతుల్లో 97 కొట్టి ఉంటే అది 122.78 అయ్యుండేది. కాబట్టి అతను కొట్టింది 91, సెంచరీకి మూడు పరుగుల ముందు ఆగింది గంభీర్.